దవాఖాన కాగితం – ఇంటి కాగితం
(సోలాపూర్‌లో కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



నన్ను ఈరోజు ఒకే ఒక పని గురించి మాట్లాడమని పిలిచారు. దవాఖాన నుంచి మనిషిని ఇంటికి పంపేటప్పుడు చేతికి ఒక డిశ్చార్జి రిపోర్టు ఇస్తారు. నాలుగైదు పేజీలు ఉంటుంది, అంతా ఇంగ్లీషు. దాన్ని ఇంట్లో వాళ్లకు అర్థమయ్యేటట్లు ఒకే పేజీలో ఎట్లా రాసుకోవాలి అన్నదే విషయం. నేను చాలా ఏళ్లు మందుల కౌంటరు వెనక నిలబడ్డ మనిషిని. డాక్టరును కాను. కనుక వైద్యం చెప్పను, కాగితం చదవడం చెబుతాను.

ముందు ఒక మాట. డిశ్చార్జి రిపోర్టు మన కోసం రాసింది కాదు. రేపు ఇంకో డాక్టరు చూస్తే ఇక్కడ ఏం చేశారో ఆయనకు తెలియాలని ఒక డాక్టరు రాసింది. అందుకే అందులో రక్త పరీక్షల అంకెలు రెండు పేజీలు ఉంటాయి, గోలీలు ఎప్పుడు వేయాలన్నది మాత్రం చివరన చిన్న గడిలో ఉంటుంది. ఇంట్లో గోలీలు ఇచ్చేది ఎవరు? వదిన, కోడలు, లేకపోతే బడికి పోయే మనుమరాలు. వాళ్లకు కావలసినవి మూడే మాటలు. మనిషికి ఏమైంది, ఏ మందు ఎప్పుడు, మళ్లీ దవాఖానకు ఎప్పుడు.

ఒక కేసు అనుకుందాం. సాంచాల మీద పనిచేసే యాభై ఆరేళ్ల అన్న. పదేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. తెల్లవారుజామున ఛాతీ పట్టేసింది, చెమటలు పట్టాయి, ఇంటివాళ్లు వెంటనే పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. గుండెపోటు అన్నారు, స్టెంటు వేశారు, ఐదో రోజున ఇంటికి పంపారు. ఆయన కాగితాన్ని ముందు పెట్టుకుని పేజీ పేజీ తిప్పుదాం.

మొదటి పేజీలో డయాగ్నోసిస్ అని ఉంటుంది. దాని కింద అక్యూట్ ఇన్‌ఫీరియర్ వాల్ ఎం.ఐ. అని రాశారు. ఎం.ఐ. అంటే గుండెపోటే. ఇన్‌ఫీరియర్ వాల్ అంటే గుండె కింది భాగం దెబ్బతిన్నదని. తరువాతి వరుసలో కె/సి/ఓ డి.ఎం., హెచ్.టి.ఎన్. అని ఉంది. ఇదివరకే షుగరు, బీపీ ఉన్న మనిషి అని దానికి అర్థం. చాలా మంది ఇవి కొత్త జబ్బులనుకుని బెదిరిపోతారు.

ఆ కిందనే యాంజియోగ్రామ్ ఫలితం ఉంది. ఆర్.సి.ఎ. 100 శాతం. గుండెకు రక్తం తెచ్చే కుడి నాళం పూర్తిగా మూసుకుపోయిందని దానర్థం. ఇక్కడే ఇంటివాళ్లకు గుండె జారిపోతుంది. నూటికి నూరు మూసుకుపోతే ఇంటికెందుకు పంపారు అంటారు. ఇంకో రెండు వరుసలు కిందికి చదవాలి. పి.టి.సి.ఎ., డి.ఇ.ఎస్. టు ఆర్.సి.ఎ. అని ఉంది. మూసుకున్న నాళాన్ని తెరిచి, మందు పూసిన జల్లెడలాంటి చిన్న లోహపు గొట్టం, అదే స్టెంటు, అందులో నిలబెట్టారు. దాని పక్కన టిమి త్రీ ఫ్లో అని ఉంది. రక్తం మామూలుగా పారుతున్నదని దానికి అర్థం. మొదటి అంకె రోగం వచ్చినప్పటిది, రెండోది వైద్యం అయిన తరువాతిది. ఇంటి కాగితంలో రెండూ రాయాలి. ఒక్క మొదటిదే రాస్తే అది భయపెట్టే కాగితం అవుతుంది, ఒక్క రెండోదే రాస్తే ఇక ఏమీ లేదులే అనిపించే కాగితం అవుతుంది.

ఇంకో అంకె ఉంది, ఎల్.వి.ఇ.ఎఫ్. 45 శాతం. దీన్ని పరీక్షలో మార్కుల్లాగా చదువుతారు మనవాళ్లు. నూటికి నలభై ఐదు, అంటే గుండె సగం కూడా పనిచేయడం లేదని ఇల్లంతా ఏడుపు. అట్లా కాదు. గుండె నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత బయటికి తోస్తుందో చెప్పే లెక్క అది. ఏ జబ్బూ లేని గుండె కూడా నూటికి నూరు తోయదు, సుమారు 55 నుంచి 70 దాకా తోస్తుంది. కాబట్టి 45 అంటే గుండె బలం కొంత తగ్గిందని. గుండెపోటు వచ్చిన వెంటనే తీసిన లెక్క ఇది, కొన్ని వారాలకు పెరగవచ్చు కూడా. అందుకే మళ్లీ ఎకో తీస్తారు. ఇంటి కాగితంలో అంకె వేయాల్సిన పని లేదు. గుండె బలం కొంత తగ్గింది, మళ్లీ చూస్తామన్నారు అని రాస్తే చాలు. అంకె కావలసినవాళ్లకు అసలు రిపోర్టు ఉంది కదా.

ఆ తరువాత వచ్చే రక్త పరీక్షల పట్టికలను, దవాఖానలో ఏ రోజు ఏ సూది ఇచ్చారన్న పేజీని ఇంటి కాగితంలోకి ఎక్కించవద్దు. ఎంత ఎక్కువ రాస్తే అంత బాగా రాసినట్టు అనుకుంటారు కొందరు. అసలు రిపోర్టును ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచండి, డాక్టరు దగ్గరకు పోయినప్పుడల్లా అదే తీసుకుపోవాలి. ఇంటి కాగితం దానికి బదులు కాదు.

ఇక మందులు. అసలు ప్రమాదమంతా ఇక్కడ ఉంది, కనుక నిదానంగా పోదాం.

మన అన్న రిపోర్టులో ఎనిమిది మందులు ఉన్నాయి. ఆస్పిరిన్ 75, టికాగ్రెలార్ 90, అటార్వాస్టాటిన్ 40, మెటోప్రొలాల్ 25, రామిప్రిల్ 2.5, పాంటాప్రజోల్ 40, మెట్‌ఫార్మిన్ 500, నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ 5. ప్రతి మందు పక్కన ఓ.డి. అనో, బి.డి. అనో, హెచ్.ఎస్. అనో ఉంటుంది. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి, బి.డి. అంటే రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు. ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే. కొందరు డాక్టర్లు 1-0-1 అని రాస్తారు. మొదటి అంకె పొద్దున, నడిమిది మధ్యాహ్నం, చివరిది రాత్రి. ఇంటి కాగితంలో ఈ అక్షరాలేవీ ఉండకూడదు. పొద్దున చాయ్ కంటే ముందు, పొద్దున రొట్టె తిన్నాక, మధ్యాహ్నం తిన్నాక, రాత్రి తిన్నాక, ఇట్లా రోజును బట్టి రాయాలి. మందును బట్టి కాకుండా వేళను బట్టి రాయమనడానికి కారణం, గోలీలు ఇచ్చే మనిషి పొద్దున లేచి ఇప్పుడేమి ఇవ్వాలి అని చూస్తుంది గానీ, టికాగ్రెలార్ ఎన్నిసార్లు అని చూడదు.

అంకెలు దించేటప్పుడు చుక్క పోగొట్టవద్దు. రామిప్రిల్ రెండున్నర, మెటోప్రొలాల్ ఇరవై ఐదు. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 2.5 లో చుక్క జారితే 25 అవుతుంది, అంటే పదింతలు. నా సలహా ఏమిటంటే అంకె రాసి పక్కనే మాటల్లో కూడా రాయండి, రెండున్నర అని. మందు పేరును రిపోర్టు నుంచి మాత్రమే కాక, గోలీల పట్టీ మీది పేరుతో సరిచూసి రాయండి. పట్టీ మీద పెద్ద అక్షరాలలో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది. ఇంకో చోట సన్న అక్షరాలలో లోపలి మందు పేరు ఉంటుంది. మనకు కావలసింది ఆ సన్న అక్షరాల పేరు.

ఎందుకంటారా? ఇంట్లో పాత మందుల డబ్బా ఉంది కాబట్టి. అందులో ఏమున్నాయి చూద్దాం. షుగరుకు ఒక గోలీ, బీపీకి అటెనొలాల్ 50, మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్. రిపోర్టులో వీటి గురించి ఒక్క ముక్క లేదు. ఆపమని లేదు, కొనసాగించమని లేదు. ఇట్లా ఖాళీ వదిలిన రిపోర్టులు నేను లెక్కలేనన్ని చూశాను. ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? కొత్త ఎనిమిదికి పాత మూడు కలిపి పదకొండు ఇస్తారు. వాళ్ల తప్పేముంది, ఎవరూ ఆపమని చెప్పలేదు.

ఒక్కొక్కటి చూడండి. షుగరు గోలీ పాత పట్టీ మీద ఒక పేరు ఉంది, దవాఖాన వాళ్లు ఇచ్చిన కొత్త పట్టీ మీద ఇంకో పేరు ఉంది. సన్న అక్షరాలు చదివితే రెండింటిలోనూ మెట్‌ఫార్మిన్ 500 ఏ. రెండూ ఇస్తే రోజుకు రెండు కావలసింది నాలుగు అవుతాయి. అటెనొలాల్ సంగతి ఇంకా గట్టిది. పేరు వేరు, లోపలి మందు కూడా వేరు, కానీ అది కొత్తగా రాసిన మెటోప్రొలాల్‌కు అన్నదమ్ముల వరస. రెండూ గుండె వేగం తగ్గించేవే. రెండూ కలిపి వేస్తే నాడి బాగా పడిపోవచ్చు, మనిషి లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. గుండెపోటు వచ్చిన మనిషికి నీరసం మామూలేలే అని ఇంట్లో అనుకుంటారు, గోలీ వల్ల అని తోచదు. ఈ కుటుంబపు మందులకు ఒక గుర్తు చెబుతాను. సన్న అక్షరాల పేరు చివర లాల్ అని వస్తుంది. అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్. అటువంటివి రెండు ఒకే మనిషి చీటీలో కనపడితే అడగకుండా ఇవ్వవద్దు. ఇక డైక్లోఫెనాక్. ఆస్పిరిన్, టికాగ్రెలార్ రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు. వాటి మీద నొప్పుల గోలీ పడితే కడుపులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది, గుండెకు, మూత్రపిండాలకు కూడా మంచిది కాదు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసే మనకు మోకాళ్ల నొప్పి తప్పదు, ఏ దుకాణంలోనైనా అడగ్గానే ఆ గోలీ ఇస్తారు కూడా. కనుక దీన్ని ఇంటి కాగితంలో పెద్ద అక్షరాలతో రాయాలి. నొప్పికి ఏమి వేసుకోవచ్చో డాక్టరును అడగాలి.

అయితే ఇవన్నీ తెలుసు కదా అని మనమే ఆపేయకూడదు. మనం చేయాల్సింది అడగడం. డిశ్చార్జి రోజున పాత డబ్బాను అట్లాగే సంచిలో వేసుకుని వార్డుకు పోండి. సిస్టరు ముందో, చిన్న డాక్టరు ముందో పెట్టి, ఇందులో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని అడగండి. అమ్మా, తొందరగా చెప్పు అంటారు, ఫరవాలేదు, నిలబడండి. ఆయన చెప్పింది ఆ చోటే రాసుకోండి. మన కేసులో డాక్టరు అటెనొలాల్ ఆపమన్నాడు, పాత షుగరు పట్టీ పక్కన పెట్టి కొత్తదే వాడమన్నాడు, నొప్పుల గోలీ వద్దన్నాడు. ఇంటికి వచ్చాక వద్దన్నవాటిని డబ్బాలో నుంచి తీసేశారు. కాగితంలో వద్దని రాసి డబ్బాలో ఉంచితే, కరెంటు లేని రాత్రి చేతికి ఏది దొరికితే అదే పోతుంది.

ఇంకో ఉచ్చు ఉంది. రిపోర్టులో మందుల పక్కన 30 డేస్ అని ఉంటుంది. ముప్పై రోజులు వేసి ఆపేయాలని కాదు, ముప్పై రోజులకు సరిపడా రాశారని. మన ఇళ్లలో పట్టీ అయిపోతే వైద్యం అయిపోయినట్టే. జ్వరం మందుకు ఆ లెక్క పనికివస్తుందేమో గానీ స్టెంటు మందుకు కాదు. ఆస్పిరిన్, టికాగ్రెలార్ రెండూ కలిసి స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా కాపాడతాయి. స్టెంటు చుట్టూ నాళం లోపలి పొర మెల్లమెల్లగా కప్పుకోవాలి, దానికి నెలలు పడుతుంది. మధ్యలో ఆపితే వేసిన స్టెంటే మూసుకుపోయి మళ్లీ గుండెపోటు రావచ్చు. గుండెపోటు వచ్చి స్టెంటు పడ్డవాళ్లకు సాధారణంగా ఈ రెండు మందులూ ఒక సంవత్సరం ఇస్తారు. కొందరికి డాక్టరు తగ్గిస్తాడు, కొందరికి పొడిగిస్తాడు. ఆ తరువాత కూడా మామూలుగా ఒకటి జీవితాంతం ఉంటుంది. పన్ను పీకించుకోవాలన్నా, ఇంకే ఆపరేషను అన్నా, ముందు గుండె డాక్టరును అడగకుండా వీటిని ఆపకూడదు. పన్ను డాక్టరు ఆపి రమ్మంటే కూడా అడగాలి.

టికాగ్రెలార్ రోజుకు రెండుసార్లు. పొద్దున వేసి రాత్రిది మరిచిపోవడం మామూలు. దాని బలం పన్నెండు గంటల లెక్క మీద ఉంటుంది కనుక ఒక్కపూట గోలీ సరిపోదు. ఒక పూట తప్పితే మరుసటి వేళకు ఒకటే వేయాలి, రెండు కలిపి వేయకూడదు. ఇంకోటి, ఈ మందు మొదలుపెట్టాక కొందరికి ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. మందు గుణం అది కావచ్చు, గుండె బలహీనత కావచ్చు, రెండింటిలో ఏదో ఇంట్లో తేల్చలేం. అట్లా అనిపిస్తే మందు ఆపకుండా అదే రోజు దవాఖానకు పోయి చెప్పాలి. ఊపిరి బాగా ఆడకపోతే 108 కే పిలవాలి.

ఇ.ఎస్.ఐ. ఉన్న అన్నలకు ఒక మాట. పెద్ద దవాఖాన వాళ్లు టికాగ్రెలార్ రాస్తారు, మీరు మీ డిస్పెన్సరీకి పోతే ఆ మందు లేక క్లోపిడోగ్రెల్ 75 ఇవ్వవచ్చు. రెండింటి పనీ ఒకటే. ఇంట్లో అప్పటికే కొన్న టికాగ్రెలార్ కొంత మిగిలి ఉంటుంది. ఇది కొత్త మందు కాబోలు అని రెండూ వేస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. కనుక ఏ కౌంటరులో ఏ మందు చేతికి వచ్చినా ఒక ప్రశ్న అడగండి. ఇది దేనికి బదులుగానా, లేక అదనంగానా? బదులు అని చెబితే, మార్పు డాక్టరుకు తెలిసే జరిగిందా, పాతది ఎప్పుడు ఆపి కొత్తది ఎప్పుడు మొదలుపెట్టాలి అని కూడా అడగాలి. క్లోపిడోగ్రెల్ రోజుకు ఒకటే, టికాగ్రెలార్ రెండు. అందువల్ల మందు మారితే ఇంటి కాగితంలో వేళ కూడా మారుతుంది.

మిగిలింది మళ్లీ పోయే రోజు. రిపోర్టులో రివ్యూ ఆఫ్టర్ సెవెన్ డేస్ విత్ రిపోర్ట్స్ అని ఒక వరుస ఉంటుంది. దాన్ని తేదీగా, వారంగా మార్చాలి. మన అన్నను 4వ తేదీ బుధవారం పంపారు. ఏడు రోజులంటే 11వ తేదీ బుధవారం. కానీ ఆ దవాఖానలో గుండె డాక్టరు కూర్చునేది మంగళ, శుక్రవారాలు. బుధవారం పోతే చీటీ దొరుకుతుంది, డాక్టరు దొరకడు, ఒక రోజు కూలి పోతుంది. అడిగితే 10వ తేదీ మంగళవారం రమ్మన్నారు. విత్ రిపోర్ట్స్ అంటే పరీక్షలు చేయించుకుని రమ్మని, పోయాక చేయించుకోవడం కాదు. ఆయనకు పరగడుపు షుగరు, తిన్నాక షుగరు, క్రియాటినిన్, పొటాషియం రాశారు. చివరి రెండూ రామిప్రిల్ కోసం. ఆ మందు కొందరికి మూత్రపిండాల పనిని, రక్తంలో పొటాషియాన్ని మారుస్తుంది, అందుకే మొదటి వారాల్లోనే చూస్తారు. అవి ఎందుకు రాశారో తెలియక, షుగరు పరీక్ష చేయించి ఖర్చు ఎందుకని ఇవి వదిలేసేవాళ్లు ఉన్నారు. పరీక్ష రోజు పొద్దున ఏ గోలీలు వేయాలి, ఏది తిన్నాక వేయాలి అన్నది కూడా ముందే అడిగి రాసుకోవాలి.

ఇప్పుడు ఇవన్నీ చేరిస్తే ఇంటి కాగితం ఎట్లా ఉంటుందో చదువుతాను. ఆయన పెద్దకొడుకు రాశాడనుకోండి.

"బాపు మందుల కాగితం. రాసింది 4వ తేదీ, బుధవారం.

బాపుకు ఏమైంది. గుండెకు రక్తం తెచ్చే కుడి నాళం మూసుకుపోయి గుండెపోటు వచ్చింది. మణికట్టు నుంచి సన్నని గొట్టం పంపి ఆ నాళాన్ని తెరిచి ఒక స్టెంటు పెట్టారు. ఇప్పుడు రక్తం బాగా పోతున్నది. గుండె బలం కొంత తగ్గింది, మళ్లీ ఎకో తీసి చూస్తామన్నారు. షుగరు, బీపీ ముందు నుంచి ఉన్నవే.

పొద్దున చాయ్ కంటే అరగంట ముందు: పాంటాప్రజోల్ ఒకటి, కడుపు కోసం.
పొద్దున రొట్టె తిన్నాక: టికాగ్రెలార్ ఒకటి, స్టెంటు కోసం. మెటోప్రొలాల్ 25 (ఇరవై ఐదు) ఒకటి, గుండె కోసం, నలపకుండా నమలకుండా మింగాలి. మెట్‌ఫార్మిన్ ఒకటి, షుగరుకు.
మధ్యాహ్నం తిన్నాక: ఆస్పిరిన్ ఒకటి, స్టెంటు కోసం.
రాత్రి తిన్నాక: టికాగ్రెలార్ రెండోది. మెట్‌ఫార్మిన్ రెండోది. రామిప్రిల్ 2.5 (రెండున్నర) ఒకటి, బీపీకి, గుండెకు. అటార్వాస్టాటిన్ ఒకటి, కొవ్వుకు.

ఆపినవి: అటెనొలాల్. పాత పేరు షుగరు గోలీ. మోకాళ్ల నొప్పి గోలీ, ఎవరిచ్చినా వద్దు.
స్టెంటు మందులు రెండూ డాక్టరు చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపవద్దు. అయిపోవడానికి వారం ముందే తేవాలి.

ఛాతీ నొప్పి వస్తే: బాపును కూర్చోబెట్టాలి. సార్బిట్రేట్ ఒకటి నాలుక కింద. ఐదు నిమిషాలలో తగ్గకపోతే 108 కు ఫోను. నడిచి పోవద్దు, బండి మీద కూర్చోబెట్టవద్దు.
మలం నల్లగా తారులాగా వచ్చినా, రక్తం ఆగకపోయినా, మణికట్టు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడినా వెంటనే దవాఖాన.

మళ్లీ పోయేది: 10వ తేదీ మంగళవారం పొద్దున. 9వ తేదీ సోమవారం పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి రక్తం ఇవ్వాలి, నాలుగు పరీక్షలు. దవాఖాన కవరు, మందుల సంచి తీసుకుపోవాలి.

ఇంకా అడగవలసినవి: సాంచాల పనికి ఎప్పుడు పోవచ్చు. బరువు ఎంత ఎత్తవచ్చు. ఎకో ఏ తేదీకి."

ఇంతే. చివరన అడగవలసినవి అని ఒక వరుస ఉంది చూడండి. తెలియనిదాన్ని ఊహించి రాయకూడదు, ప్రశ్నగా రాయాలి. పనికి ఎప్పుడు పోవాలన్నది రిపోర్టులో లేకపోతే, పక్కింటి బావకు నెల రోజులు చెప్పారు కదా అని నెల అని రాయవద్దు. ఆ బావ గుండె వేరు, ఈ అన్న గుండె వేరు. పని విషయం అడిగినప్పుడు డాక్టరుకు మన పని ఏమిటో కూడా చెప్పాలి. మిల్లులో పని అంటే ఆయన కుర్చీ పని అనుకోవచ్చు. బీము ఎత్తుతాడు, వేడిలో పన్నెండు గంటలు నిలబడతాడు, రాత్రి షిఫ్టు ఉంటుంది అని చెప్పండి. రాత్రి షిఫ్టుకు పోయిననాడు రాత్రి గోలీలు ఏ వేళకు వేయాలో అప్పుడే అడగండి. ఇ.ఎస్.ఐ. ఉంటే సెలవు సర్టిఫికెట్టుకు అసలు రిపోర్టే కావాలి, ఇంటి కాగితం పనికిరాదు.

సార్బిట్రేట్ గురించి ఒక మాట మిగిలింది, సిగ్గుపడకుండా చెబుతాను. మగతనానికి అని దుకాణాల్లో అమ్మే సిల్డెనాఫిల్ లాంటి గోలీ వేసుకున్న మనిషికి సార్బిట్రేట్ పెడితే బీపీ ఒక్కసారిగా ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇది ఇంట్లో అందరూ చదివే కాగితంలో రాయలేరు. కనుక మగవాళ్లు ఒంటరిగా డాక్టరుకు చెప్పండి, అటువంటి గోలీ జోలికి ఆయనను అడగకుండా పోవద్దు.

ఏ లిపిలో రాయాలన్నది మన సోలాపూర్‌లో పెద్ద ప్రశ్న. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. కానీ పిల్లలు మరాఠీ బడికి పోతారు, చాలామందికి తెలుగు అక్షరాలు రావు. పెద్దమ్మకు తెలుగు వస్తుంది, మరాఠీ అక్షరం రాదు. ఎవరి చేత్తో గోలీ ఇస్తారో వాళ్లకు వచ్చిన అక్షరాలలో రాయాలి. ఇద్దరు ఇస్తే రెండు లిపులలోనూ రాయండి, మాట తెలుగే ఉండనీయండి. ఏ అక్షరమూ రాని తల్లికి ఎండ బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసి, దాని కింద ఆ పూట గోలీల ఖాళీ పట్టీ ముక్కలు అంటించి ఇవ్వవచ్చు. మందుల పేర్లను మాత్రం ఏ లిపిలో రాసినా పట్టీతో సరిచూడాలి.

రాశాక అర్థమైందా అని అడగవద్దు. అందరూ అయింది అనే అంటారు. గోలీలన్నీ చాప మీద పోసి, వదినా, రేపు పొద్దున బాపుకు ఏమిస్తావు, తీసి చూపించు అనండి. తప్పు తీస్తే తప్పు ఆమెది కాదు, కాగితానిది, ఆ వరుస తిరగరాయాలి. ఛాతీ నొప్పి వస్తే ఏం చేస్తావు అని కూడా అడగండి. చుట్టాలకు ఫోను చేస్తాను అంటే, 108 ను ఇంకా పెద్ద అక్షరాలలో రాయాలన్నమాట.

వారం తరువాత లెక్క చూడండి. టికాగ్రెలార్ పద్నాలుగు గోలీలు కొన్నారు. ఏడు రోజులకు రోజుకు రెండు చొప్పున పట్టీ ఖాళీ కావాలి. నాలుగు మిగిలితే నాలుగు పూటలు తప్పాయి, ఒక్కపూటే ఇస్తుంటే ఏడు మిగులుతాయి. మిగిలినవి చూసి కోప్పడకుండా డాక్టరుకు అట్లాగే చెప్పండి, ఇన్ని పూటలు తప్పాయి అని. మందు వేస్తున్నాడనుకుని ఆయన మోతాదు పెంచితే అది ఇంకో చిక్కు.

10వ తేదీన దవాఖానకు పోయి వస్తే ఏదో ఒక మందు మారవచ్చు. అప్పుడు పాత కాగితం మీద కొట్టివేసి పక్కన రాయకండి. కొత్త కాగితం తీసుకుని పైన కొత్త తేదీ వేసి మొత్తం మళ్లీ రాయండి. పాతదాన్ని గోడ మీద నుంచి తీసి, అడ్డంగా ఒక గీత గీసి, దవాఖాన కవరులో పెట్టండి. డాక్టరు ఎప్పుడైనా ఏ మందు ఎప్పుడు మారిందని అడిగితే ఆ పాత కాగితాలే చెబుతాయి.

ఇక మీ ఇళ్లలో ఉన్న రిపోర్టులు ఎవరైనా తెచ్చి ఉంటే బయటికి తీయండి, పెన్ను కూడా.